కోడి కూసినందుకే తెల్లవారిందా? ప్రకటన ఫలితాన్ని తేల్చే లెక్క

ప్రశ్న: డిగ్రీ అయ్యాక డిజిటల్ మార్కెటింగ్‌లో నాలుగు నెలల కోర్సు చేశాను. పోయిన నెల ఒక ఇంటర్వ్యూలో క్యాంపెయిన్ రిపోర్టు ఒకటి నా ముందు పెట్టి, "ఈ ప్రకటన పనిచేసిందా, లేదా?" అని అడిగారు. సీటీఆర్ 5 శాతం, రోయాస్ 4 ఉన్నాయి కాబట్టి బాగా పనిచేసిందని చెప్పాను. "ఆ అమ్మకాలు ప్రకటన వల్లే వచ్చాయని ఎలా అంటారు?" అని మళ్లీ అడిగేసరికి నోట మాట రాలేదు. ఎస్ఈఓ మీద అడిగిన ప్రశ్నలకు కూడా నిర్వచనాలు అప్పజెప్పాను గానీ వాళ్లకు తృప్తి కలగలేదు. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఇలాంటి ప్రశ్నలకు ఎలా జవాబు చెప్పాలి?

సమాధానం: తన కోడి కూయబట్టే ఊరికి తెల్లవారుతోందని, తన కుంపటి ఉండబట్టే అందరి పొయ్యిలూ వెలుగుతున్నాయని నమ్మిన ముసలమ్మ కథ మీరు చిన్నప్పుడే వినివుంటారు. ఊరి మీద అలిగి, కోడినీ కుంపటినీ తీసుకుని ఆమె వెళ్లిపోయిన మర్నాడు కూడా ఊరికి తెల్లవారింది. మిమ్మల్ని అడిగిన రెండో ప్రశ్న సరిగ్గా ఆ కథలోని ప్రశ్నే. రిపోర్టులో కనిపించే సంఖ్యలన్నీ కోడి కూసిందనీ, తెల్లవారిందనీ మాత్రమే చెబుతాయి; కూయకపోతే ఏమయ్యేదో చెప్పవు. ఆ తేడాను పట్టుకునే విధానాన్ని ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. సెర్చ్ ఫలితాల్లో సైటు డబ్బు కట్టకుండానే పైకి వచ్చేలా చేసే ఎస్ఈఓ కూడా ఆ దారిలోనే వస్తుంది, ఎందుకంటే ఈ ప్రశ్నలో ప్రకటననూ సహజంగా వచ్చే వెతుకులాట ఫలితాన్నీ విడదీసి మాట్లాడటం కుదరదు.

ఆన్‌లైన్‌లో ఆఫీసు కుర్చీలు అమ్మే ఒక సంస్థ గూగుల్ సెర్చ్‌లో నెల రోజుల పాటు ప్రకటనలు ఇచ్చిందనుకోండి. ఏ దేశపు డబ్బైనా లెక్క మారదు కాబట్టి డబ్బును యూనిట్లుగానే చెబుతాను. ప్రకటన 4 లక్షల సార్లు కనిపించింది, 20,000 క్లిక్కులు వచ్చాయి, లక్ష యూనిట్లు ఖర్చయింది, 1,000 ఆర్డర్లు వచ్చాయి, ఒక్కో ఆర్డరు విలువ 400 యూనిట్లు. ఇక కొలమానాలు వాటంతట అవే వస్తాయి. కనిపించిన ప్రతి వంద సార్లలో ఎన్నిసార్లు క్లిక్ చేశారో చెప్పేది సీటీఆర్, అది ఇక్కడ 5 శాతం. ఒక్కో క్లిక్కుకు 5 యూనిట్లు పడింది, అది సీపీసీ. క్లిక్ చేసినవారిలో కొన్నవారు 5 శాతం, అది కన్వర్షన్ రేటు. ఒక్కో ఆర్డరు రాబట్టడానికి 100 యూనిట్లు పడింది, అది సీపీఏ. వచ్చిన అమ్మకాన్ని ఖర్చుతో భాగిస్తే 4 వస్తుంది, అది రోయాస్.

ఇంటర్వ్యూలో ఈ నిర్వచనాల మీద అర నిమిషం కంటే ఎక్కువ గడపకండి. అడిగేవారికి అవి తెలుసు. మీకు తెలుసో లేదో చూసుకుని ముందుకు వెళ్లిపోతారు. రోయాస్ 4 అనగానే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, "ఈ కుర్చీ మీద సంస్థకు మిగిలేది ఎంత?" అన్నది. అమ్మకపు విలువలో తయారీ, రవాణా వంటి ఖర్చులు పోగా 30 శాతం మిగులుతుందనుకుంటే, ఒక్కో ఆర్డరుకు 120 యూనిట్లు చేతికి వస్తాయి. వెయ్యి ఆర్డర్లకు లక్షా 20 వేలు. ప్రకటన ఖర్చు లక్ష తీసేస్తే మిగిలేది 20 వేలు. నాలుగు రెట్లు వచ్చిందన్న మాట వినడానికి ఎంత ఘనంగా ఉన్నా, ఈ సంస్థకు రోయాస్ 3.33 దాటే వరకు లాభమే మొదలు కాదు. 1ని 0.30తో భాగిస్తే వచ్చే సంఖ్య అది. మిగులు శాతం తెలియకుండా రోయాస్ బాగుందనో బాగాలేదనో చెప్పే అభ్యర్థిని నేనైతే అక్కడే ఆపి, ఎందుకలా అన్నారని అడుగుతాను.

రెండో ప్రశ్న ఆ వెయ్యి ఆర్డర్ల నిజానిజాల గురించి. సంస్థ సొంత అమ్మకాల పుస్తకంలోని ఆర్డర్లతో ప్రకటనల ఖాతాలోని కన్వర్షన్లను పోల్చి చూడకుండా ఏ రిపోర్టునూ నమ్మకూడదు. డబ్బు చెల్లించాక వచ్చే ధన్యవాదాల పేజీలో కన్వర్షన్‌ను లెక్కించే ట్యాగ్ అనే చిన్న కోడ్ ఉంటుంది. ఆర్డరు నంబరును ఆ ట్యాగ్‌కు అందించకపోతే, కొన్నవారు ఆ పేజీని రిఫ్రెష్ చేసినప్పుడల్లా ఇంకో ఆర్డరు వచ్చినట్టు నమోదయ్యే ప్రమాదం ఉంటుంది. ప్రకటనలో మార్పేమీ లేకుండా కన్వర్షన్ రేటు ఒక్క రాత్రిలో పెరిగి, సంస్థ మొత్తం ఆర్డర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటే, ముందుగా అనుమానించవలసింది ట్యాగ్‌నే. దీనికి తోడు, గూగుల్ ప్రకటనల ఖాతాలోని మామూలు రిపోర్టు ఆర్డరును కొన్న రోజు కింద కాక క్లిక్ చేసిన రోజు కింద చూపిస్తుంది. అందువల్ల పోయిన వారం సంఖ్య ఈ రోజు చూస్తే తక్కువగా, పది రోజులాగి చూస్తే ఎక్కువగా కనిపిస్తుంది. కుర్చీలాంటి వస్తువును జనం వారం పది రోజులు ఆలోచించి కొంటారు కాబట్టి, నిన్నటితో ముగిసిన వారాన్ని చూసి "పడిపోయింది" అని కంగారుపడటం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

మన ఉదాహరణలో ట్యాగ్ సరిగానే ఉందనీ, వెయ్యి ఆర్డర్లు నిజమేననీ అనుకుందాం. అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. మొత్తం సంఖ్యను చూసి తీర్పు చెప్పకుండా, జనం ఏ మాటలు వెతికి ఆ ప్రకటన దగ్గరికి వచ్చారో విడదీయాలి. సెర్చ్ ప్రకటనల్లో రెండు రకాల కీవర్డ్‌లు ఉంటాయి. సంస్థ పేరే టైపు చేసి వెతికినవి బ్రాండ్ కీవర్డ్‌లు. "నడుము నొప్పి రాని ఆఫీసు కుర్చీ" వంటివి సాధారణ కీవర్డ్‌లు. విడదీసి చూస్తే ఇలా తేలింది. బ్రాండ్ కీవర్డ్‌ల మీద 20 వేల యూనిట్లు ఖర్చుపెడితే 800 ఆర్డర్లు వచ్చాయి. అక్కడ ఒక్కో ఆర్డరుకు 25 యూనిట్లే పడింది, రోయాస్ ఏకంగా 16. సాధారణ కీవర్డ్‌ల మీద 80 వేలు పెడితే వచ్చింది 200 ఆర్డర్లే. అక్కడ ఆర్డరుకు 400 యూనిట్లు పడింది, రోయాస్ 1. మీరు ఇంటర్వ్యూలో చూసిన 4 అనే సంఖ్య వెనుక బహుశా ఇలాంటి 16, 1 దాగివుంటాయి. ఆ సగటు ఈ రెండింటిలో దేన్నీ వర్ణించదు.

ఈ దశలో చాలామంది, "బ్రాండ్ కీవర్డ్‌లకు డబ్బు పెంచాలి, సాధారణ కీవర్డ్‌లు ఆపేయాలి" అని టక్కున చెప్పేస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక సంస్థ యజమానికి ఇదే సలహా ఇచ్చాను. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, "నా పేరు టైపు చేసి వెతికినవాడు నా దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతాడమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వాపును చూసి బలుపు అనుకున్నానని తెలుసుకోవడానికి నాకు ఆ ఒక్క ప్రశ్న చాలింది. సంస్థ పేరు టైపు చేసినవారు అప్పటికే కొనాలని సగం నిర్ణయించుకుని ఉంటారు. ప్రకటన లేకపోతే దాని కిందనే ఉన్న సంస్థ సొంత లింకును, డబ్బు కట్టకుండా సహజంగా వచ్చినదాన్ని, నొక్కి లోపలికి వస్తారు. అంటే 16 రెట్లు అన్నది ప్రకటన సాధించిన ఫలితం కాకపోవచ్చు, రాబోయే అతిథి ముందు తలుపు తెరిచి పట్టుకున్నందుకు పుచ్చుకున్న పేరు కావచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదని చూపించే ప్రయోగం ఒకటి బహిరంగంగా నమోదై ఉంది, ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పవచ్చు. 2012లో ఈబే సంస్థ యాహూలోనూ మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లోనూ తన పేరు మీద ఇచ్చే ప్రకటనలను ఆపి చూసింది. ప్రకటనల ద్వారా రావలసిన క్లిక్కుల్లో 99.5 శాతం సహజ ఫలితాల ద్వారా ఎలాగూ వచ్చేశాయి. ఆ తర్వాత కొన్ని ప్రాంతాల్లో మిగతా కీవర్డ్‌ల ప్రకటనలనూ ఆపి చూశారు. ఈబేను కొత్తగానో అరుదుగానో వాడేవారి మీద ఆ ప్రకటనలు ప్రభావం చూపాయి. తరచూ కొనేవారి ప్రవర్తన మాత్రం మారలేదు, కానీ ఖర్చులో ఎక్కువ భాగం వారి క్లిక్కులకే పోతోంది. బ్లేక్, నోస్కో, టాడెలిస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తల పేరుతో ఈ పరిశోధన 2015లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. అయితే దీన్ని సూత్రంగా చెప్పవద్దు. ఈబే అందరికీ తెలిసిన పేరు. మన కుర్చీల సంస్థ పేరు మీద పోటీ సంస్థలు ప్రకటనలు ఇస్తూ ఉంటే, మనది ఆపిన రోజున వాళ్ల ప్రకటనే పైన కూర్చుంటుంది, కథ వేరుగా ఉంటుంది. గూగుల్ ప్రకటనల ఖాతాలో ఆక్షన్ ఇన్‌సైట్స్ అనే రిపోర్టు ఉంటుంది. మన పేరు వెతికినప్పుడు మనతో పాటు ఇంకెవరి ప్రకటనలు కనిపిస్తున్నాయో అందులో తెలుస్తుంది. ఆపే ముందు అది చూశారా అన్నది తెలివైన ఇంటర్వ్యూయర్ తప్పక అడిగే ప్రశ్న.

కాబట్టి ముసలమ్మ కోడిని ఊరి నుంచి తీసుకువెళ్లినట్టు మనమూ ప్రకటనను కొన్నిచోట్ల తీసేసి చూడాలి. ఒకే నెలను ముందునెలతో పోలిస్తే చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు, సీజను, తగ్గింపు ధరలు, పోటీదారు సరుకు అయిపోవడం వంటివి ఏ నెలకు ఆ నెల మారిపోతాయి, ఆ మార్పంతా ప్రకటన ఖాతాలో పడుతుంది. అందుకని అమ్మకాలు జరిగే ప్రాంతాలను రెండు గుంపులు చేసి, మొదటి గుంపులో బ్రాండ్ ప్రకటనలు యథాతథంగా ఉంచి, రెండో గుంపులో నాలుగు వారాల పాటు ఆపుతాం. ఏ ప్రాంతం ఏ గుంపులో పడాలో మన ఇష్టం మీద కాకుండా చీటీలు తీసినట్టు నిర్ణయించాలి. ప్రయోగం నడిచినన్నాళ్లూ ఒక గుంపుకు మాత్రమే తగ్గింపు ధరలు ఇవ్వడం వంటివి చేయకూడదు. ఇంకొక చిన్న అమరిక ఉంది, పెద్ద పెద్ద ప్రయోగాలను కూడా పాడుచేసేది అదే. గూగుల్ ప్రకటనల్లో ఒక ప్రాంతాన్ని ఎంచుకున్నప్పుడు, మనం మార్చకపోతే, ఆ ప్రాంతంలో ఉన్నవారికే కాక దాని మీద ఆసక్తి చూపినవారికీ ప్రకటన వెళుతుంది. ప్రయోగానికి ముందు దాన్ని అక్కడ ఉన్నవారికి మాత్రమే అని మార్చకపోతే, ఆపేశామనుకున్నచోట కూడా ప్రకటన కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఫలితం చూద్దాం. ఈ లెక్కలో వాడేది ప్రకటనల ఖాతాలోని కన్వర్షన్లు కాదు, ఏ దారిన వచ్చినా సరే, ఆ ప్రాంతాల్లో సంస్థకు వచ్చిన మొత్తం ఆర్డర్లు. ప్రయోగానికి ముందు నాలుగు వారాల్లో మొదటి గుంపులో 4,000, రెండో గుంపులో 3,600 ఆర్డర్లు ఉన్నాయి. అంటే రెండోది మొదటిదానిలో 90 శాతం. ప్రయోగం జరిగిన నాలుగు వారాల్లో మొదటి గుంపు 4,200కు పెరిగింది. ప్రకటన ఆపకుండా ఉంటే రెండో గుంపు అందులో 90 శాతం, అంటే 3,780 తెచ్చి ఉండేదని అంచనా. వచ్చినవి 3,690. తగ్గింది 90. ప్రకటనల ఖాతా మాత్రం ఈ రెండో గుంపు ప్రాంతాల్లో బ్రాండ్ ప్రకటన నెలకు 380 ఆర్డర్లు తెస్తోందని చెబుతూ వచ్చింది. ఆపితే పోయినవి 90 మాత్రమే. మిగిలిన 290 మంది ప్రకటన లేకపోయినా వచ్చి కొన్నారు.

ఇక్కడ ఆగి ఒక జాగ్రత్త చెప్పగలిగిన అభ్యర్థి మిగతావారి కంటే వేరుగా కనిపిస్తారు. ఆ 90 అన్నది ఖచ్చితమైన సంఖ్య కాదు. ప్రకటనల్లో ఏ మార్పూ చేయని పాత నెలలను తీసుకుని, ఇదే పద్ధతిలో రెండో గుంపు ఆర్డర్లను అంచనా వేసి, అసలు వచ్చినవాటితో పోల్చి చూడండి. ఏమీ చేయకపోయినా అంచనా ప్రతి నెలా 100 ఆర్డర్ల వరకు అటో ఇటో తప్పుతోందనుకుందాం. అప్పుడు 90 అన్నది ఆ మామూలు ఊగిసలాటలోనే ఉంది, అది సున్నా కూడా కావచ్చు, 190 కూడా కావచ్చు. కానీ 380 మాత్రం కానే కాదు. ఈ ప్రయోగం మనకు గట్టిగా చెప్పేది అంతవరకే: రిపోర్టు తన గొప్పగా చెప్పుకున్న ఆర్డర్లలో కనీసం సగం ప్రకటన లేకపోయినా వచ్చేవే.

మరి బ్రాండ్ ప్రకటన ఆపేయాలా? దాని నెల ఖర్చు 20 వేలు, ఆర్డరుకు మిగిలేది 120. అంటే అది నిజంగా కొత్తగా తెచ్చే ఆర్డర్లు 167 ఉంటే ఖర్చు తిరిగి వచ్చినట్టే. రిపోర్టు చెప్పే 800లో ఇది సుమారు 21 శాతం. మన ప్రయోగంలో 380కి 90 పోయాయి, అది 24 శాతం. అంటే ఖర్చుకు 16 రెట్లు అమ్మకం తెస్తోందనుకున్న ప్రకటన, వాస్తవంలో దాదాపు ఖర్చుకు ఖర్చు సరిపోయే స్థాయిలో ఉంది, పైగా ఊగిసలాటను బట్టి కాస్త నష్టంలోనూ ఉండవచ్చు. దీనికి నిజాయతీ గల జవాబు, "ఇప్పుడే ఆపమని చెప్పలేను, డబ్బు పెంచమని మాత్రం అస్సలు చెప్పను; గుంపులను తారుమారు చేసి ఇంకో ఎనిమిది వారాలు నడిపి చూస్తాను" అన్నది. ఇలా చెబితే తేల్చుకోలేనివాడు అనుకుంటారేమోనని భయపడకండి. ఏది తేలిందో ఏది తేలలేదో విడదీసి చెప్పడం ఈ ఉద్యోగంలో సగం పని.

సాధారణ కీవర్డ్‌ల సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. వాటి ఖర్చు 80 వేలు తిరిగి రావాలంటే 667 కొత్త ఆర్డర్లు కావాలి, రిపోర్టులో కనిపించేవి 200. కుర్చీని ఎవరూ నెల నెలా కొనరు కాబట్టి, వచ్చినవారు మళ్లీ మళ్లీ కొని లోటు పూడుస్తారన్న ఆశ కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు. చూడగానే నష్టమనిపిస్తుంది. అయితే ఒకరు "నడుము నొప్పి రాని కుర్చీ" అని వెతికి, మన ప్రకటన నొక్కి, కుర్చీ చూసి వెళ్లిపోయి, మూడు రోజుల తర్వాత సంస్థ పేరు టైపు చేసి, బ్రాండ్ ప్రకటన నొక్కి కొన్నారనుకోండి. చివరి క్లిక్కుకే పేరు కట్టబెట్టే పద్ధతిలో ఆ ఆర్డరు బ్రాండ్ ఖాతాలో పడుతుంది. పరిచయం చేసినవారికి పేరు రాదు, తలుపు తెరిచినవారికి వస్తుంది. ఇంకా విచిత్రం, మనం ఇప్పుడు చేసిన ప్రయోగంలో కూడా ఈ వ్యక్తి "బ్రాండ్ ప్రకటన లేకపోయినా వచ్చినవాడు"గానే లెక్కకు వస్తాడు, నిజానికి అతన్ని తెచ్చింది ఇంకో ప్రకటన. డేటా ఆధారంగా పేరు పంచే పద్ధతి ఈ అన్యాయాన్ని కొంత తగ్గిస్తుంది గానీ, అది కూడా క్లిక్కులను పంచుకునే లెక్కే; కోడి కూయని ఊరు దానికీ కనిపించదు. సాధారణ కీవర్డ్‌లకు విడిగా ఇలాంటి ప్రయోగమే పెట్టి, మొత్తం ఆర్డర్లు ఎంత తగ్గుతాయో చూడటం తప్ప దగ్గరి దారి లేదు. ఒకేసారి రెండూ ఆపితే ఏది దేనివల్ల తగ్గిందో తేలదు కాబట్టి, ఒకదాని తర్వాత ఒకటి చేయాలి.

ఇప్పుడు ఎస్ఈఓకు వద్దాం. బ్రాండ్ ప్రకటన ఆపినా జనం వచ్చారంటే, దానికి కారణం సంస్థ పేరు వెతికినప్పుడు సహజ ఫలితాల్లో సంస్థ సైటే మొదట ఉండటం. సాధారణ కీవర్డ్‌లకు ఒక్కో క్లిక్కుకు 8 యూనిట్లు కట్టవలసి వస్తోందంటే, అక్కడ సహజ ఫలితాల్లో సంస్థ ఎక్కడుందో చూడాలి. ప్రకటనకు డబ్బు కట్టినంత మాత్రాన సహజ ఫలితాల్లో స్థానం పెరగదని గుర్తుంచుకోండి. ఈ ప్రశ్నను ఇంటర్వ్యూల్లో తరచూ వేస్తారు. స్థానం చూడటానికి, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలోని పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, సంస్థ పేరు ఉన్న మాటలను ఒకసారి, లేని మాటలను ఒకసారి వడపోసి చూస్తారు. అందులో ఎన్నిసార్లు కనిపించింది, ఎన్ని క్లిక్కులు, సగటు స్థానం ఎంత అన్నవి ఉంటాయి. సంస్థ పేరు మీద సగటు స్థానం 1 దగ్గర ఉండి, "ఆఫీసు కుర్చీ" మాటల మీద అసలు కనిపించడమే లేదనుకోండి. అప్పుడు వెంటనే "కంటెంటు రాయాలి, లింకులు సంపాదించాలి" అనకండి. సెర్చ్ ఇంజిన్ పనిచేసే వరుసలోనే కారణాన్ని వెతకాలి: ముందు అది పేజీని చేరుకుని చదవాలి, దాన్నే క్రాలింగ్ అంటారు, తర్వాత తన సూచికలో చేర్చుకోవాలి, అది ఇండెక్సింగ్, ఆ తర్వాతే ఎవరైనా వెతికినప్పుడు ఏ స్థానంలో చూపాలో నిర్ణయిస్తుంది. సూచికలోనే లేని పేజీకి ఎంత మంచి వ్యాసం రాసినా ప్రయోజనం లేదు.

సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ అనేచోట కుర్చీల పేజీ చిరునామా ఇస్తే అది సూచికలో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెబుతుంది. తరచూ దొరికే ఒక దోషి, సైటు తయారవుతున్నప్పుడు ఎవరికీ కనిపించకూడదని పెట్టి, తర్వాత తీయడం మరచిపోయిన ఈ ఒక్క వరుస:

```
<meta name="robots" content="noindex">
```

దీనితో ముడిపడిన ప్రశ్న ఒకటి ఉంది, దానికి సరైన జవాబు చెప్పినవారు నాకు తక్కువమంది తారసపడ్డారు. పేజీలో పై వరుస ఉండగా, సెర్చ్ ఇంజిన్లు ఏ పేజీలు తెరవకూడదో చెప్పే robots.txt ఫైలులో కూడా అదే పేజీని ఇలా మూసేశారనుకోండి:

```
User-agent: *
Disallow: /chairs/
```

రెండు తాళాలు వేశాం కాబట్టి మరింత భద్రం అనుకుంటారు. నిజానికి రెండో తాళం మొదటిదాన్ని పనికిరాకుండా చేస్తుంది. సెర్చ్ ఇంజిన్ ఆ పేజీని తెరవకూడదని చెప్పాక, లోపల రాసిన noindex దానికి కనిపించదు. వేరే సైట్ల నుంచి ఆ పేజీకి లింకులు ఉంటే, లోపల ఏముందో తెలియకుండానే చిరునామాను ఫలితాల్లో చూపవచ్చు కూడా. చదవకుండా ఆపడం వేరు, సూచికలో చేరకుండా ఆపడం వేరు అన్న తేడా ఈ ఒక్క ఉదాహరణతో స్పష్టమవుతుంది. నిర్వచనం అప్పజెప్పడం కంటే ఇది చెప్పడం మేలు.

పేజీ సూచికలో ఉండి, చాలాసార్లు కనిపిస్తూ, క్లిక్కులు మాత్రం రాకపోతే అది వేరే వ్యాధి. సగటు స్థానం 20 దగ్గర ఉంటే చూసేవారే తక్కువ, కాబట్టి పేజీ వెతికినవారి అవసరానికి సరిపోతోందా అని చూడాలి: నడుము నొప్పికి ఏ కుర్చీ మంచిదో తెలుసుకోవాలని వెతికినవారికి ధరల పట్టిక మాత్రమే చూపిస్తే వారు ఆగరు. స్థానం 3 దగ్గర ఉండి కూడా నొక్కకపోతే పేజీ టైటిల్ చూడండి. అక్కడ "ప్రొడక్ట్స్" అని మాత్రమే రాసి ఉన్న సైట్లు నేను లెక్కలేనన్ని చూశాను. ఎస్ఈఓలో చేసిన మార్పులకు ఫలితం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి, ప్రకటన ఆపే ప్రయోగం నడుస్తున్న రోజుల్లో ఈ మార్పులు చేయకండి. చేస్తే సహజ ఫలితాల ద్వారా పెరిగిన రాక ప్రకటన ఆపినందువల్లనో, టైటిల్ మార్చినందువల్లనో చెప్పలేని పరిస్థితి వస్తుంది.

వచ్చే వారం అలాంటి రిపోర్టే మీ ముందు పెడితే, కాగితం చూసి తీర్పు చెప్పే ముందు మూడు విషయాలు అడగండి: ఇక్కడ కన్వర్షన్ అంటే ఏది, ఒక్కో ఆర్డరు మీద మిగులు ఎంత, ఈ ఆర్డర్లలో సంస్థ పేరు వెతికి వచ్చినవి ఎన్ని. చివరి ప్రశ్న వేయగానే ఎదుటివారు వెనక్కి వాలి కూర్చుంటారు లేదా ముందుకు వంగుతారు, మీకే తెలుస్తుంది. "ఆ లెక్క మా దగ్గర లేదు" అంటే మీరు కంగారుపడనక్కరలేదు; "అయితే కీవర్డ్‌లను విడదీశాక, కొన్ని ప్రాంతాల్లో బ్రాండ్ ప్రకటన ఆపి నాలుగు వారాలు మొత్తం ఆర్డర్లు చూస్తాను" అని, పైన చెప్పిన లెక్కను వాళ్ల సంఖ్యలతోనే అక్కడికక్కడ వేసి చూపండి. ప్రాంతాలవారీగా విడదీయలేనంత చిన్న వ్యాపారమైతే ఈ ప్రయోగం పనిచేయదని కూడా మీరే ముందుగా చెప్పండి. నెలకు 50 ఆర్డర్లు వచ్చేచోట పది తగ్గినా అది మామూలు ఊగిసలాటే కావచ్చు, దాని మీద ఏ నిర్ణయమూ నిలబడదు. అటువంటిచోట ఎక్కువ కాలం ఒక నెల ఇచ్చి ఒక నెల ఆపి చూడటమో, కొత్తగా కొన్నవారిని "మా గురించి ఎలా తెలిసింది?" అని నేరుగా అడగడమో చేస్తారు. రెండూ లోపాలున్న పద్ధతులే, అయినా రోయాస్ 4 అని రాసి సంతకం పెట్టడం కంటే నయం.